21 కిలోమీటర్లకు ఎంత అన్నం?

ఏటా ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ జరుగుతుంది. దానికి ముందు శనివారం రాత్రి, మొదటిసారి హాఫ్ పరిగెత్తబోయేవాళ్ల ఇళ్లలో రెండు రకాల భోజనాలు కనిపిస్తాయి. ఒకరు ‘కార్బ్ లోడింగ్’ అని చెప్పి బిర్యానీ పొట్లం విప్పుతారు. ఇంకొకరు పొట్ట తేలిగ్గా ఉండాలని రెండు పుల్కాలు, ఇన్ని కీరా ముక్కలు తిని పడుకుంటారు. మొదటివారు ఎనిమిదో కిలోమీటరు దగ్గర టాయిలెట్ ఎక్కడుందా అని వెతుక్కుంటారు. రెండోవారికి పదహారో కిలోమీటరు దాటాక కాళ్లు ముందుకు పడవు. ఇద్దరిలో శిక్షణ లోపమేమీ లేకపోవచ్చు. ఏం తినాలో, ఎప్పుడు తినాలో తెలియకపోవడమే అసలు చిక్కు.

మారథాన్ అంటే 42 కిలోమీటర్లు, హాఫ్ అంటే 21 కిలోమీటర్ల 97 మీటర్లు. తిండి విషయంలో మాత్రం ఇది ‘మారథాన్‌లో సగం’ కాదు, దీని లెక్క వేరు. ఆ లెక్క చూశాక బిర్యానీ ఎందుకు వద్దో, సలాడ్ ఎందుకు వద్దో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఖర్చెంత, నిల్వెంత?

60 కిలోల బరువున్న ఒక మహిళను తీసుకుందాం. ఉద్యోగం చేస్తూ నాలుగు నెలలుగా సాధన చేస్తోంది. కిలోమీటరుకు ఆరుముప్పావు నిమిషాల చొప్పున, రెండు గంటల ఇరవై నిమిషాలకు కాస్త అటూఇటూగా పూర్తి చేయాలని అనుకుంటోంది. పరుగులో ఒక్కో కిలో బరువుకు, ఒక్కో కిలోమీటరుకు సుమారు ఒక కిలోక్యాలరీ ఖర్చవుతుంది. అంటే ఆమెకు మొత్తం 1,260 కిలోక్యాలరీలు కావాలి. ఆ వేగంలో మూడింట రెండు వంతులు పిండిపదార్థం నుంచి, మిగతాది కొవ్వు నుంచి వస్తుందనుకుంటే, ఖర్చయ్యే పిండిపదార్థం 210 గ్రాములు.

మనం తిన్న పిండిపదార్థాన్ని శరీరం గ్లైకోజెన్‌గా మార్చి రెండు చోట్ల దాచుకుంటుంది. కండరాల్లో 300 నుంచి 500 గ్రాముల దాకా, కాలేయంలో 80 నుంచి 100 గ్రాముల దాకా పడుతుంది. పైకి చూస్తే కావలసినదానికి రెట్టింపు ఉన్నట్టే. కానీ కండరం తన గ్లైకోజెన్‌ను తానే వాడుకోవాలి, రక్తంలోకి వదలలేదు. చేతుల్లో, భుజాల్లో ఎంత ఉన్నా తొడలకు, పిక్కలకు అది అక్కరకు రాదు. నలుగురికీ పంచేది కాలేయం ఒక్కటే. అదేమో రాత్రంతా మెదడును పోషించి, తెల్లారేసరికి చాలావరకు ఖాళీ అయి ఉంటుంది.

అందుకే హాఫ్‌లో ఇంధనం పుష్కలమూ కాదు, కొరతా కాదు. కాళ్లలో నిల్వ నిండుగా ఉండి, పొద్దున కాలేయానికి కాస్త అంది, దారిలో ఇంకాస్త పడితే సరిపోతుంది. మూడు రోజులు పొట్ట పగిలేలా తినక్కర్లేదు. పొదుపుగా తింటే మాత్రం చివరి ఐదు కిలోమీటర్లలో తెలిసొస్తుంది.

ఒక సైకిలు, ఇద్దరు పరిశోధకులు

కార్బ్ లోడింగ్ అనే మాట వెనుక ఒక చిత్రమైన ప్రయోగం ఉంది. 1966లో స్వీడన్‌కు చెందిన జోనస్ బెర్గ్‌స్ట్రామ్, ఎరిక్ హుల్ట్‌మన్ ఒకే వ్యాయామ సైకిలుకు చెరోవైపు కూర్చుని చెరో కాలితో తొక్కారు. రెండో కాలికి విశ్రాంతి. తర్వాత మూడు రోజులు పిండిపదార్థం ఎక్కువగా తిన్నారు. తొడ కండరాల్లోంచి సూదితో ముక్క తీసి చూస్తే, అలసిన కాలిలో గ్లైకోజెన్ విశ్రాంతి తీసుకున్న కాలికంటే దాదాపు రెట్టింపు చేరింది.

అక్కణ్నుంచి ఒక కఠినమైన పద్ధతి పుట్టింది. వారం మొదట్లో గట్టిగా పరిగెత్తి నిల్వ ఖాళీ చేయడం, మూడు రోజులు పిండిపదార్థం మానేయడం, ఆఖరి మూడు రోజులు అదే పనిగా తినడం. బ్రిటిష్ రన్నర్ రాన్ హిల్ ఈ పద్ధతి పాటించి 1969లో ఏథెన్స్‌లో యూరోపియన్ మారథాన్ గెలిచాడు. ఇప్పటికీ కొందరు కొత్త రన్నర్లకు ఇదే సలహా దొరుకుతుంది. దాంతో రేస్‌కు ముందు వారంలో నీరసం, చిరాకు, నిద్రలేమి తప్ప అదనంగా ఒరిగేది లేదు. 1981లో విలియం షెర్మన్ బృందం అమెరికాలో చేసిన ప్రయోగం ఆ ఖాళీ చేసే ఘట్టం అక్కర్లేదని తేల్చింది. పరుగు క్రమంగా తగ్గిస్తూ ఆఖరి రోజుల్లో పిండిపదార్థం పెంచినా నిల్వ దాదాపు అంతే నిండుతుంది.

శుక్ర, శని వారాలు

సోమవారం నుంచి గురువారం దాకా రోజూ తినేదే తినండి. పరుగు తగ్గిస్తున్నాం కదా అని తిండి కూడా తగ్గించడం ఈ వారంలో చాలామంది చేసే పొరపాటు. బరువు తగ్గించే ప్రయత్నాలకు ఇది సమయం కాదు.

అసలు మార్పు శుక్రవారం మొదలవుతుంది. గంటన్నర దాటే రేస్‌లకు ముందు ఒకటిన్నర, రెండు రోజుల పాటు కిలో బరువుకు రోజుకు 10 నుంచి 12 గ్రాముల పిండిపదార్థం తినమని క్రీడాపోషణ నిపుణులు చెబుతారు. అది పోటీలో గెలవాలని పరిగెత్తేవాళ్లకు, పూర్తి మారథాన్‌కు సరిగ్గా సరిపోయే లెక్క. మొదటి హాఫ్‌కు కిలోకు 7, 8 గ్రాములు చాలు. అలవాటు లేని పొట్ట పదీ పన్నెండూ మోయలేదు. మన ఉదాహరణలోని మహిళకు ఏడేసి గ్రాముల చొప్పున రోజుకు 420 గ్రాములవుతుంది.

ఆ 420 గ్రాములు మన వంటింట్లో ఎలా కనిపిస్తాయో శనివారం ఒక్కరోజు చూద్దాం. పొద్దున అయిదు మధ్యరకం ఇడ్లీలు, చక్కెర వేసిన టీ కలిపి 60 గ్రాములు. పదిన్నరకు రెండు అరటిపళ్లు, చక్కెర, ఉప్పు వేసిన ఒక గ్లాసు నిమ్మరసం, 65. మధ్యాహ్నం ఒంటిగంటకు అసలైన భోజనం. 150 గ్రాముల బియ్యం వండుకుని, తక్కువ నూనెతో చేసిన బంగాళాదుంప కూర, చారు, కొంచెం పెరుగుతో తింటే 140 దాకా వస్తుంది. నాలుగున్నరకు నాలుగు ముక్కల తెల్ల బ్రెడ్, జామ్, 70. రాత్రి ఏడులోపు 75 గ్రాముల బియ్యంతో పెరుగన్నం, 60. పడుకునే ముందు ఒక అరటిపండు, 22. మొత్తం 417. శుక్రవారం కూడా దాదాపు ఇదే కొలత.

ఈ జాబితాలో రెండు సంగతులు గమనించండి. పెద్ద భోజనం మధ్యాహ్నమే అయిపోయింది, రాత్రిది చిన్నది. శనివారం రాత్రి పదింటికి తిన్న భారీ భోజనం ఆదివారం పొద్దున అయిదింటికి ఇంకా పేగుల్లోనే ఉంటుంది. రెండోది, ఇక్కడ అన్నం పెరిగింది కానీ పప్పు, వేపుడు, నెయ్యి, మాంసం తగ్గాయి. కార్బ్ లోడింగ్ అంటే మొత్తం తిండి పెంచడం కాదు, పళ్లెంలో ఒకటి తగ్గించి ఆ చోటు ఇంకోదానికి ఇవ్వడం. బిర్యానీ ఇక్కడే దెబ్బతీస్తుంది. అందులో అన్నం ఎంత ఉందో నూనె, మసాలా అంత ఉంటాయి. కొవ్వు కడుపు ఖాళీ అవడాన్ని ఆలస్యం చేస్తుంది, కావలసినంత పిండిపదార్థం చేరకముందే కడుపు నిండిపోతుంది.

శనివారం సాయంత్రానికి తూకంలో అరకిలో నుంచి కిలోన్నర దాకా పెరగొచ్చు. కంగారుపడొద్దు. ఒక్కో గ్రాము గ్లైకోజెన్‌తో పాటు మూడు గ్రాముల దాకా నీరు చేరుతుంది. నిల్వ నిండిందనడానికి అదొక ఆనవాలు. అలా కాక పొట్ట ఉబ్బి, త్రేన్పులు వస్తుంటే తేడా అన్నంలో లేదు. పీచో కొవ్వో ఎక్కువైందని అర్థం.

ఆగస్టు రేస్‌కు మన ఇళ్లలో ఇంకో చిక్కుంది. శ్రావణ శనివారాలు ఒంటిపూట ఉండేవాళ్లు చాలామంది. వ్రతం మానక్కర్లేదు, లెక్క ఒకరోజు ముందుకు జరపాలి. కండరాల్లో చేరిన గ్లైకోజెన్, గట్టి వ్యాయామం చేయకపోతే, రెండు మూడు రోజులు అలాగే ఉంటుంది. కాబట్టి గురు, శుక్ర వారాల్లో నింపుకుని, శనివారం మధ్యాహ్నం కడుపునిండా అన్నం, రాత్రి ఫలహారంగా ఇడ్లీ తీసుకోవచ్చు. ఆదివారం పొద్దున తినడం మాత్రం వీళ్లకు మరీ ముఖ్యం. కాలేయం మిగతావాళ్లకంటే ఎక్కువ ఖాళీ అయి ఉంటుంది.

పొట్ట ఎందుకు తిరగబడుతుంది?

గట్టిగా పరిగెత్తేటప్పుడు రక్తం కాళ్లకూ చర్మానికీ మళ్లుతుంది. పేగులకు వెళ్లే రక్తం విశ్రాంతిలో ఉన్నప్పటికంటే సగానికి పైగా, తీవ్రమైన శ్రమలో 80 శాతం దాకా పడిపోవచ్చు. ఒంట్లో నీరు తగ్గితే, ఎండా ఉక్కపోతా ఉంటే ఇది ఇంకా ఎక్కువ. దానికి తోడు ప్రతి అడుగుకూ లోపల కుదుపు. పైన రేస్ భయం, అది ఒక్కటే చాలు కొందరిని బాత్‌రూమ్‌కు పరిగెత్తించడానికి. ఇలా సగం పనిచేస్తున్న పేగుల్లో పీచు, కొవ్వు, గాఢమైన తీపి ఉంటే అవి అరగవు. నీటిని లోపలికి లాగుతాయి, పులిసి గ్యాస్ అవుతాయి.

అందుకే శుక్రవారం మధ్యాహ్నం నుంచి మామూలుగా మంచివని తినేవాటినే పక్కన పెట్టాలి. కందిపప్పు, శనగలు, రాజ్మా, పెసరట్టు, రాగి సంగటి, జొన్నరొట్టె, గోధుమ చపాతీ, ఆకుకూరలు, గోంగూర, జామపండు, పచ్చి సలాడ్, గింజలు. వీటిలో ఏదీ చెడ్డ తిండి కాదు. వాటి పీచు ఒకటి రెండు రోజులు పెద్దపేగులో ఉంటుంది కాబట్టి ఆదివారానికి బరువవుతుంది. పాలిష్ పట్టిన తెల్లన్నం, మైదా బ్రెడ్, ఇడ్లీ, అటుకులు, తొక్క తీసిన బంగాళాదుంప లాంటివి ఈ రెండు రోజులకే గొప్పవి. ఆవకాయ, పచ్చిమిరపకాయ బజ్జీ సంగతి చెప్పనే అక్కర్లేదు. పాలు పడనివాళ్లు ఒకరోజు ముందే పాలు మానేయాలి. పెరుగులో ఆ ఇబ్బంది కలిగించే చక్కెర తక్కువ కాబట్టి చాలామందికి పెరుగన్నం సరిపడుతుంది.

ఇంకో మాట. మోకాలి నొప్పికి ముందుజాగ్రత్త అని రేస్ రోజు పొద్దున ఐబుప్రొఫెన్ లాంటి మాత్ర వేసుకునేవాళ్లున్నారు. రక్తం తగ్గిన పేగు పొరను అది ఇంకా దెబ్బతీస్తుంది, మూత్రపిండాల మీద భారం వేస్తుంది. వేసుకోవద్దు.

ఆదివారం, తెల్లవారుజాము

పుస్తకాల్లో ‘రేస్‌కు మూడు గంటల ముందు తినండి’ అని ఉంటుంది. మన దగ్గర ఎండకు భయపడి రేస్‌లు అయిదు, అయిదున్నరకే మొదలవుతాయి. అంటే రెండున్నరకు లేచి తినాలి. తినడం కోసం నిద్ర చెడగొట్టుకోవద్దు. ఎంత దగ్గరగా తింటే అంత తక్కువగా, అంత మెత్తగా తినాలనేది సూత్రం. మూడు గంటల ముందైతే కిలోకు రెండు, మూడు గ్రాములు పడుతుంది. గంటన్నర ముందైతే ఒక గ్రాము చాలు.

మన రన్నర్ అయిదున్నర రేస్‌కు మూడుముప్పావుకు లేచి, నాలుగింటికి 60 గ్రాములు తింటుంది. రెండు బ్రెడ్ ముక్కలు, జామ్, ఒక అరటిపండు. బ్రెడ్ నచ్చకపోతే మూడు ఇడ్లీలు కొంచెం చక్కెరతో, ఒక అరటిపండు. కారప్పొడి, పల్లీ చట్నీ వద్దు. దాంతో పాటు గ్లాసున్నర నీళ్లు. కాఫీ అలవాటున్నవాళ్లు చిన్న కప్పు తాగొచ్చు. కెఫీన్ పరుగుకు సాయపడుతుంది, పేగుల్ని కూడా కదిలిస్తుంది. ఇంట్లోనే ఆ పని అయిపోవడం లాభమే. అలవాటు లేనివాళ్లు ఆ రోజు మొదలుపెట్టొద్దు.

కొందరికి ఆ వేళ ఏదీ దిగదు. వాళ్లు ఒక గ్లాసు పలుచని చక్కెర నీళ్లయినా తాగి, పరుగు మొదలయ్యే పది నిమిషాల ముందు ఒక జెల్ తీసుకోవచ్చు. అసలేమీ తినకుండా వెళ్లడం అంటే రాత్రి ఖాళీ అయిన కాలేయంతో బయలుదేరడమే.

దారిలో

రెండు గంటలు దాటే పరుగుకు గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం తీసుకోవచ్చు. మొదటిసారి 30 దగ్గరే ఆగడం క్షేమం. ఒక జెల్‌లో 20 నుంచి 25 గ్రాములుంటుంది. మన రన్నర్‌కు రెండు చాలు. ఒకటి నలభై అయిదో నిమిషంలో, అంటే ఏడో కిలోమీటరు దగ్గర, రెండోది గంటన్నరకు, పదమూడు దాటాక. అలసట తెలిశాక తీసుకుంటే ఆలస్యమైనట్టే. పేగులోంచి కండరానికి చేరడానికి సమయం పడుతుంది.

జెల్ విషయంలో ఒకే ఒక్క నియమం గట్టిగా పట్టుకోండి. నీళ్ల స్టాల్ కనబడ్డాకే కవరు చించాలి, రెండు మూడు గుక్కల నీళ్లతో మింగాలి. నీళ్లు లేకుండా మింగినా, తీపి స్పోర్ట్స్ డ్రింక్‌తో కలిపి మింగినా ఆ గాఢత కడుపులోకి నీటిని లాగుతుంది. ‘లోపల గుడగుడలాడుతోంది’ అని రన్నర్లు చెప్పేది చాలాసార్లు దీన్నే. జెల్ ఇష్టం లేనివాళ్లకు గింజ తీసిన మెత్తటి ఖర్జూరాలు పనికొస్తాయి, చిన్నవైతే నాలుగైదు ఒక జెల్‌కు సమానం. వాటిలో పీచు ఉంది కాబట్టి పొట్ట ఒప్పుకుంటుందో లేదో ముందే చూసుకోవాలి.

ఓఆర్‌ఎస్‌ను శక్తినిచ్చే పానీయం అనుకునేవాళ్లు ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు ఓఆర్‌ఎస్‌లో గ్లూకోజ్ పదమూడున్నర గ్రాములే, ఒక జెల్ కంటే తక్కువ. అది ఉప్పూ నీరూ నింపడానికి ఉన్నది. ఆగస్టు ఉక్కలో చెమట బాగా పట్టేవాళ్లకు మధ్యలో కొన్ని గుక్కలు మంచిదే, జెల్‌కు బదులు మాత్రం కాదు.

నీళ్లు దాహాన్ని బట్టి తాగండి. ప్రతి స్టాల్ దగ్గరా భయంతో గ్లాసులకు గ్లాసులు తాగడం ప్రమాదం. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రన్నర్ల రక్తం పరీక్షిస్తే, 13 శాతం మందిలో సోడియం ఉండాల్సినదానికంటే తక్కువగా ఉంది. పరుగు మధ్యలో బరువు పెరిగినవాళ్లు, అంటే పోగొట్టుకున్నదానికంటే ఎక్కువ తాగినవాళ్లు, నాలుగు గంటలకు పైగా పరిగెత్తినవాళ్లు ఎక్కువగా ఇందులో పడ్డారు. నెమ్మదిగా పరిగెత్తేవాళ్లకు తాగడానికి సమయం ఎక్కువ, చెమట తక్కువ. వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకోవడం, తలనొప్పి, వాంతి, మాట తడబడటం కనిపిస్తే ఇంకో గ్లాసు నీళ్లు పరిష్కారం కాదు. వెంటనే వైద్య శిబిరానికి వెళ్లాలి.

కడుపు నొప్పి లేదా వికారం మొదలైతే రెండు మూడు నిమిషాలు నడవండి. నడిస్తే పేగులకు రక్తం కొంత తిరిగి వస్తుంది. తీపి ఆపి, నీళ్లు గుక్క గుక్కగా తాగి, కుదుటపడ్డాక వేగం తగ్గించి సాగండి. మొదటి హాఫ్‌లో అయిదు నిమిషాలు పోతే పోనివ్వండి. పరుగు తర్వాత మలంలో రక్తం కనబడితే మాత్రం సర్దుకుపోకుండా డాక్టరుకు చూపించాలి.

మధుమేహం ఉన్నవాళ్లు, ముఖ్యంగా ఇన్సులిన్ లేదా చక్కెర తగ్గించే మాత్రలు వాడేవాళ్లు, ఇక్కడి కొలతలు ఏవీ నేరుగా పాటించొద్దు. పరుగూ మందూ కలిసి చక్కెరను ప్రమాదకరంగా పడేయగలవు, రెండు రోజుల తెల్లన్నం దాన్ని పెంచేయగలదు. వాళ్ల లెక్క వాళ్ల డాక్టరుతో కూర్చుని వేసుకోవాలి.

ముందే ఒక ఆదివారం

ఇక్కడ రాసినవన్నీ రేస్ రోజు మొదటిసారి చేసి చూడకూడనివి. పేగులకు కూడా సాధన అవసరం. పరుగులో తీపి తీసుకోవడం అలవాటైన కొద్దీ అవి దాన్ని త్వరగా లోపలికి పంపడం నేర్చుకుంటాయి. రేస్‌కు మూడు, నాలుగు వారాల ముందు పదహారు, పద్దెనిమిది కిలోమీటర్ల సుదీర్ఘ పరుగు ఎలాగూ ఉంటుంది. ఆ శనివారం ఇదే అన్నం వండండి, ఆదివారం అదే వేళకు లేచి అదే బ్రెడ్డో ఇడ్లీయో తినండి, అదే కంపెనీ జెల్ ఏడో కిలోమీటరు దగ్గర చించండి. దారిలో నిర్వాహకులు ఏ పానీయం ఇస్తారో వాళ్ల సమాచార పత్రంలో చూసి, దాన్నీ ఒక సీసా కొని తాగి చూడండి. విశాఖకో మరో ఊరికో వెళ్లి పరిగెత్తేవాళ్లు బ్రెడ్, జామ్, అరటిపళ్లు సంచిలో పెట్టుకెళ్లాలి. తెల్లవారుజామున నాలుగింటికి హోటల్లో ఎవరూ ఇడ్లీ వండిపెట్టరు.

ఆ పరుగు అయ్యాక ఏం తిన్నారో, ఎప్పుడు తిన్నారో, పొట్ట ఎక్కడ మొరాయించిందో ఒక కాగితం మీద రాయండి. ఇబ్బంది పెట్టినదాన్ని తీసేయండి, తర్వాతి వారం మళ్లీ చూడండి. నంబరు బిబ్ ఇచ్చే ఎక్స్‌పోలో ఉచితంగా పంచే కొత్త జెల్‌ను రేస్ అయ్యాక తినొచ్చు. ఆ మధ్యాహ్నం బిర్యానీకి కూడా అడ్డేమీ లేదు, అప్పటికి కండరాలు ఎంత అన్నం పెట్టినా దాచుకోవడానికి సిద్ధంగా ఉంటాయి.